మూడు మధ్యగతాలు కలిసే బిందువు

త్రిభుజంలో ఒక శీర్షాన్ని ఎదుటి భుజం మధ్యబిందువుతో కలిపే రేఖాఖండం మధ్యగతం. త్రిభుజం ఏ ఆకారంలో ఉన్నా దాని మూడు మధ్యగతాలూ ఒకే బిందువు వద్ద కలుస్తాయి. దాన్ని గురుత్వ కేంద్రం అంటారు.

శీర్షాల నిరూపకాలు తెలిస్తే ఈ బిందువును గీతలు గీయకుండానే కనుక్కోవచ్చు. మూడు x విలువలను కూడి 3తో భాగించాలి, y విలువలనూ అలాగే చేయాలి. A(1, 2), B(7, 4), C(4, 9) అనుకుంటే x విలువల మొత్తం 12, y విలువల మొత్తం 15. కాబట్టి గురుత్వ కేంద్రం G(4, 5).

ఇది మధ్యగతం మీదే ఉందా? BC మధ్యబిందువు D(5.5, 6.5). A నుంచి D చేరాలంటే x లో 4.5, y లో 4.5 పెరగాలి. అందులో మూడింట రెండు వంతులు, అంటే చెరో 3 కలిపితే (4, 5) వస్తుంది. C నుంచి చూసినా ఇంతే. AB మధ్యబిందువు (4, 3). C(4, 9) నుంచి అక్కడికి దూరం 6. అందులో 4 దిగితే మళ్లీ (4, 5).

మూడింట రెండు వంతులే ఎందుకు? శీర్షాల x విలువలు a, b, c అనుకుందాం. D యొక్క x విలువ (b + c)/2. A నుంచి D వైపు మధ్యగతంలో t వంతు నడిస్తే చేరే చోటు ఇది:

(1 − t)a + (t/2)b + (t/2)c

ఇందులో a వాటా 1 − t. b, c ల వాటా చెరో t/2. మూడు వాటాలూ సమానం కావాలంటే 1 − t = t/2, అంటే t = 2/3. అప్పుడు ఒక్కొక్కరి వాటా 1/3, ఫలితం (a + b + c)/3. y విలువలకూ ఇదే లెక్క. ఈ సూత్రంలో ఏ శీర్షానికీ ప్రత్యేకత లేదు. కనుక B నుంచి బయలుదేరినా, C నుంచి బయలుదేరినా అదే బిందువు వస్తుంది. మధ్యగతాలు మూడూ ఒక్కచోటే కలవడానికి కారణం ఇదే.

బరువుల పరంగానూ ఇదే నిజం. మూడు శీర్షాల వద్ద సమాన బరువులు ఉంచితే B, C ల బరువులు రెండూ కలిసి D వద్ద ఉన్నట్టే లెక్క. A వద్ద ఒకటి, D వద్ద రెండు. తూకం నిలవాలంటే ఆధారం D కి దగ్గరగా ఉండాలి. అందుకే AG, GD ల నిష్పత్తి 2:1. ఒకే మందం గల త్రిభుజాకార పలక కూడా ఈ బిందువు మీదే నిలుస్తుందని ఆర్కిమిడీస్ నిరూపించాడు.

లెక్క సరిచూసుకోవడం తేలిక. ప్రతి శీర్షం నిరూపకం నుంచి G నిరూపకాన్ని తీసివేసి, వచ్చిన తేడాలను కూడితే సున్నా రావాలి. పై ఉదాహరణలో x తేడాలు −3, 3, 0. Y తేడాలు −3, −1, 4. రుణ గుర్తు మరిచిపోయినా, 3కు బదులు 2తో భాగించినా ఇక్కడ బయటపడుతుంది.

ఈ సూత్రాన్ని చతుర్భుజానికి యథాతథంగా వాడకూడదు. నాలుగు శీర్షాల సగటు సాధారణంగా ఆ పలక నిలిచే బిందువు కాదు. దాన్ని రెండు త్రిభుజాలుగా విడదీసి, వాటి గురుత్వ కేంద్రాలకు వైశాల్యాలను బట్టి ప్రాధాన్యం ఇచ్చి సగటు తీయాలి.