సూత్రం తప్పితే పట్టించే పట్టిక

యాంత్రికశాస్త్రంలో వచ్చే రాశులను మూడు మూలరాశులతో చెప్పవచ్చు. అవి ద్రవ్యరాశి M, పొడవు L, కాలం T. వేగానికి మితులు LT⁻¹, త్వరణానికి LT⁻², బలానికి MLT⁻². ఏ సమీకరణమైనా సరైనది కావాలంటే దాని రెండు వైపులా మితులు ఒకటే ఉండాలి. ఒకదానితో ఒకటి కూడే పదాలకూ ఇదే షరతు. దీన్నే మితుల సజాతీయతా నియమం అంటారు. లెక్చర్ నోట్సును ఈ నియమం ప్రకారం చిన్న పట్టికగా మార్చుకుంటే, తప్పుగా గుర్తున్న సూత్రం చాలాసార్లు లెక్క మొదట్లోనే దొరికిపోతుంది.

వృత్తాకార చలనం పాఠంలో వచ్చే రోడ్డు మలుపునే తీసుకోవచ్చు. వాహనం జారిపోకుండా మలుపులో రోడ్డు వెలుపలి అంచును కాస్త ఎత్తుగా కడతారు. ఘర్షణను లెక్కలోకి తీసుకోకపోతే, ఆ వాలు కోణానికి లెక్చర్ చివర తేలే సూత్రం ఇది: tan θ = v²/(rg).

పట్టిక తయారీలో మొదటి పని, సూత్రంలోని ప్రతి గుర్తుకూ ఒక వరుస కేటాయించడం. మితులను కంఠస్థం నుంచి కాకుండా నిర్వచనం నుంచి రాబట్టాలి. వేగం అంటే దూరాన్ని కాలంతో భాగించడం, కాబట్టి L కింద T. చివరి గడిలో, ఆ గుర్తు దగ్గర ఎక్కడ పొరపాటు జరుగుతుందో రాసుకోవాలి.

| రాశి | గుర్తు | ప్రమాణం | మితులు | జాగ్రత్త |
|---|---|---|---|---|
| వేగం | v | m/s | LT⁻¹ | km/h అయితే మార్చాలి |
| వ్యాసార్ధం | r | m | L | వ్యాసం ఇస్తే సగం చేయాలి |
| గురుత్వ త్వరణం | g | m/s² | LT⁻² | బలం కాదు, త్వరణం |
| వాలు కోణం | θ | డిగ్రీ లేదా రేడియన్ | లేవు | tan విలువకూ మితులు ఉండవు |

ఇప్పుడు సూత్రాన్ని పరీక్షించాలి. v² మితులు L²T⁻². rg మితులు L × LT⁻², అంటే అవీ L²T⁻². భాగిస్తే మితులేమీ మిగలవు. ఎడమవైపు tan θ కూడా మితులు లేనిదే కాబట్టి సూత్రం పరీక్ష దాటింది.

వేగం కనుక్కోమన్నప్పుడు విద్యార్థి తొందరలో v = rg tan θ అని రాశాడనుకుందాం. ఎడమవైపు LT⁻¹, కుడివైపు L²T⁻². పొంతన కుదరలేదు. కుడివైపున్నది వేగం కాదు, వేగం వర్గం. అంటే వర్గమూలం మరిచిపోయారన్నమాట. r = 40 m, g = 9.8 m/s², tan θ = 0.5 అనుకుంటే ఆ తప్పు సూత్రం 196 అని చెబుతుంది. దాన్ని m/s గా తీసుకుంటే గంటకు 700 కిలోమీటర్లు దాటిపోతుంది. వర్గమూలం తీస్తే వచ్చేది 14 m/s, అంటే గంటకు 50.4 కిలోమీటర్లు.

మితులు కుదిరినా ప్రమాణాలు కుదరకపోవచ్చు. ఇదే మలుపులో వేగాన్ని 50.4 km/h గా ఇచ్చారనుకుందాం. మార్చకుండా 50.4 నే సూత్రంలో పెడితే tan θ = 6.48 వస్తుంది, కోణం దాదాపు 81 డిగ్రీలు. అది రోడ్డు కాదు, గోడ! km/h కూ m/s కూ మితులు LT⁻¹ కాబట్టి మితుల గడి ఈ తప్పును పట్టలేదు. పట్టేది ప్రమాణాల గడి. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను 1999లో కోల్పోవడం వెనుక ఉన్నదీ ఇలాంటి తప్పే. థ్రస్టర్ల ప్రచోదనాన్ని ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో ఇస్తే, మరో సాఫ్ట్‌వేర్ దాన్ని న్యూటన్-సెకన్లుగా తీసుకుంది. రెండిటి మధ్య తేడా సుమారు 4.45 రెట్లు.

గుర్తులతోనూ ఒక చిక్కుంది. T అక్షరం ఒక సూత్రంలో తాడు తన్యత, మరో సూత్రంలో ఆవర్తన కాలం, మితుల్లో కాలం. m ఒకచోట ద్రవ్యరాశి, మరోచోట మీటరు. అందుకే ఏ పాఠానికి ఆ పాఠం పట్టిక వేరుగా ఉండాలి, గుర్తు పక్కన రాశి పేరు తప్పకుండా ఉండాలి.

ఈ పరీక్షకు అందని తప్పులూ ఉన్నాయి. tan θ బదులు sin θ అని రాస్తే మితులు చెక్కుచెదరవు, కానీ పై మలుపులో జవాబు 26.6 డిగ్రీలకు బదులు 30 డిగ్రీలు వస్తుంది. గతిజశక్తిలో ½ మరిచినా, ప్లస్ బదులు మైనస్ పెట్టినా పట్టిక పట్టదు. టార్క్‌కూ శక్తికీ మితులు రెండూ ML²T⁻² కాబట్టి ఒకదాని చోట ఇంకొకటి రాసినా తేడా తెలియదు. ఇలాంటి జంటలను ‘జాగ్రత్త’ గడిలో ముందే రాసిపెట్టుకోవాలి.

మితులు కుదరని సూత్రం కచ్చితంగా తప్పు. కుదిరిన సూత్రం మాత్రం ఒప్పు కావచ్చు, కాకపోవచ్చు. అది తేల్చుకోవాలంటే లెక్చర్‌లోని ఉత్పాదనకే తిరిగి వెళ్లాలి.