టీసీ కోసం ఉత్తరం: ఏడో తరగతి పాప రాసినది, మేము దిద్దినది



ఏడో తరగతి చదివే ఒక పాప టీసీ కోరుతూ ప్రిన్సిపాల్ గారికి స్వయంగా ఉత్తరం రాసుకొచ్చింది. వాళ్ల నాన్నగారు బ్యాంకు ఉద్యోగి. ఆయనకు కరీంనగర్ నుంచి వరంగల్‌కు బదిలీ అయింది. ఆ ఉత్తరాన్ని ఆఫీసు వాళ్లు వెనక్కి పంపారు. ఫీజు బాకీ లేకపోయినా ఎందుకు తిప్పుతున్నారని పాప వాళ్లమ్మకు కోపం వచ్చింది. తెలుగు టీచరుగా ఆ కాగితం నా దగ్గరకు వచ్చింది. పాప అనుమతితో, పేరు తీసేసి, దాన్ని ఇక్కడ ఇస్తున్నాను.

"టు ప్రిన్సిపాల్. డియర్ సర్, నేను మీ స్కూల్లో 7వ క్లాస్ చదువుతున్నాను. మా నాన్నగారికి ట్రాన్స్‌ఫర్ అయ్యాడు. మేము వరంగల్ వెళ్ళిపోతున్నాము. నాకు టీసీ ఇవ్వాలి. త్వరగా ఇవ్వండి ఎందుకంటే అక్కడ స్కూల్లో చేరాలి. మరియు నా మార్కుల లిస్ట్ కూడా ఇవ్వాలని ప్రార్ధించుచున్నాను. థాంక్యూ. ఇట్లు తమ విధేయురాలు, విధ్యార్థి."

చివర పేరు ఉంది. సెక్షన్ లేదు, అడ్మిషన్ నంబరు లేదు, తేదీ లేదు. ఆఫీసు వెనక్కి పంపింది అందుకే. భాషలో తప్పులున్నాయని కాదు. ఒకే పేరున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉండే బడిలో, రిజిస్టరులో సరైన పేజీ తెరవాలంటే అడ్మిషన్ నంబరే ఆధారం. అది డైరీ మొదటి పేజీలోనో, ఫీజు రసీదు మీదో ఉంటుంది.

తేదీ సంగతి ఇంకాస్త ముఖ్యం. "త్వరగా" అంటే ఎప్పుడు? టీసీ ఇచ్చాక పిల్లల పేరు హాజరు పట్టీ నుంచి తీసేస్తారు. ఆ తర్వాత యూనిట్ టెస్ట్ ఉన్నా రాయడానికి వీలుండదు. పాపేమో స్నేహితులతో కలిసి ఆ పరీక్ష రాసి వెళ్లాలని అనుకుంటోంది. అడిగితే గానీ ఆ మాట బయటికి రాలేదు. "త్వరగా" అన్న మాట నమ్మి ఆఫీసు మర్నాడే టీసీ సిద్ధం చేసి ఉంటే ఆ అవకాశం పోయేది. కాబట్టి బడికి ఏ రోజు వరకు వస్తారో, టీసీ ఏ రోజు కావాలో, రెండూ రాయాలి.

ఇక భాష. మా ప్రిన్సిపాల్ మేడం. ఆ సంగతి పాపకు తెలియక కాదు, గైడులో "డియర్ సర్" అని ఉంది కాబట్టి అలాగే దించేసింది. "గౌరవనీయులైన ప్రధానాచార్యులు గారికి" అని మొదలుపెడితే స్త్రీలకైనా పురుషులకైనా సరిపోతుంది. కింద సంబోధన మాత్రం మేడం అయితే "అమ్మా", సర్ అయితే "ఆర్యా" అని ఉండాలి.

"మా నాన్నగారికి ట్రాన్స్‌ఫర్ అయ్యాడు" అన్న దానిలో రెండు వాక్యాలు కలిసిపోయాయి. "నాన్నగారికి బదిలీ అయింది" అంటే అయింది బదిలీ, అందుకే "అయింది". "నాన్నగారు బదిలీ అయ్యారు" అంటే కర్త నాన్నగారు, అందుకే "అయ్యారు". ఏదైనా ఒకటి రాయవచ్చు. కానీ "గారు" చేర్చి "అయ్యాడు" అంటే, ఒక చేత్తో ఇచ్చిన మర్యాదను ఇంకో చేత్తో లాగేసుకున్నట్టే. ఇంట్లో "నాన్న వచ్చాడు" అనే అలవాటు ఉన్న పిల్లలు ఇక్కడే ఎక్కువగా తడబడతారు. ఇంట్లో ఆ పిలుపులో తప్పేమీ లేదు, ఉత్తరంలో మాత్రం మార్చుకోవాలి.

"ఇవ్వాలి" అంటే అది మీ బాధ్యత అని చెప్పినట్టు. "ఇవ్వండి" ఎదురుగా నిలబడి నవ్వుతూ అంటే మర్యాదే, కాగితం మీద ఆజ్ఞలా వినిపిస్తుంది. మరి ఏం రాయాలి? "ఇప్పించవలసిందిగా కోరుతున్నాను." ఇది వట్టి మర్యాద మాట కాదు, అర్థంలో కూడా సరైనది. టీసీని ప్రిన్సిపాల్ గారు స్వయంగా రాయరు, ఆఫీసు చేత రాయించి సంతకం చేస్తారు. ఇంకొకరి చేత ఇచ్చేలా చేయడమే "ఇప్పించడం".

"ప్రార్ధించుచున్నాను"లో ధ కాదు, థ ఉండాలి. అర్థం, ప్రార్థన, విద్యార్థి, అన్నింటిలోనూ థ. "చుచున్నాను" పాత గ్రంథాల భాష. మిగతా ఉత్తరమంతా "చదువుతున్నాను", "వెళ్ళిపోతున్నాము" అని నడుస్తుంటే మధ్యలో అది అతకదు. విధేయురాలులో ధ ఉంది కదా అని పక్కనే "విధ్యార్థి" అని రాసేసింది. విద్య కోరేవారు కాబట్టి విద్యార్థి, అమ్మాయి కాబట్టి విద్యార్థిని. పైన "మీ స్కూల్లో" అని, కింద "తమ విధేయురాలు" అనడం కూడా కుదరదు. "మీ" అయితే చివరి దాకా "మీ". "ఎందుకంటే" వెనక తగిలించడం, "మరియు"తో వాక్యం మొదలుపెట్టడం ఇంగ్లిషు నడక. తెలుగులో కారణం ముందు వస్తుంది, రెండో కోరికకు "కూడా" చాలు.

టీసీని పూర్తి పేరుతో రాయాలంటే చాలామంది పెద్దలు కూడా "ధృవీకరణ" అంటారు. మూలం "ధ్రువ" కాబట్టి "ధ్రువీకరణ" సరైనది.

దిద్దిన ఉత్తరం ఇది. ఊరు, తేదీ కుడివైపు పైన రావాలి.

కరీంనగర్,
తేదీ: 10-11-2025.

గౌరవనీయులైన ప్రధానాచార్యులు గారికి,
(పాఠశాల పేరు, శాఖ), కరీంనగర్.

విషయం: బదిలీ ధ్రువీకరణ పత్రం (టీసీ) కోరుతూ విన్నపం.

అమ్మా,

నేను మన పాఠశాలలో 7వ తరగతి, బి సెక్షన్ చదువుతున్నాను. నా అడ్మిషన్ నంబరు (...). మా నాన్నగారికి వరంగల్‌కు బదిలీ అయినందువల్ల మా కుటుంబం అక్కడికి వెళ్తోంది. నేను ఈ నెల 21వ తేదీ వరకు బడికి వచ్చి, యూనిట్ టెస్ట్ రాస్తాను. 24వ తేదీన అక్కడి పాఠశాలలో చేరవలసి ఉంది కాబట్టి, 22వ తేదీన నా బదిలీ ధ్రువీకరణ పత్రం ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. మార్కుల జాబితా కూడా ఇప్పించగలరని మనవి.

ఇట్లు,
మీ విధేయురాలు,
(విద్యార్థిని సంతకం, పూర్తి పేరు)

తల్లి లేదా తండ్రి సంతకం, ఫోన్ నంబరు:

ఆ చివరి గీత మీకోసం. పిల్లలు మైనర్లు కాబట్టి, పెద్దల సంతకం లేకుండా ఆఫీసు టీసీ ఇవ్వదు. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ టీసీలోకి వచ్చేది ఉత్తరం నుంచి కాదు, అడ్మిషన్ రిజిస్టరు నుంచి. అందుకే టీసీ చేతికి రాగానే, కౌంటరు దగ్గరే, ఆధార్ పక్కన పెట్టుకుని ఆ వివరాలు సరిచూసుకోండి. కొత్త బడిలో ఇచ్చేసే ముందు ఒక జిరాక్స్ తీసి ఉంచుకోండి.

పాప మొదటి చిత్తు ప్రతిలో "నాకు వెళ్ళడం ఇష్టం లేదు" అని ఒక వాక్యం ఉందట. ఉత్తరంలో అలాంటివి రాయకూడదని నాన్నగారు కొట్టేయించారు. నిజమే, కోరిక ఉన్న పేరాలో దానికి చోటు లేదు. అయినా ఉత్తరం ఎండబెట్టిన కట్టెలా ఉండక్కర్లేదు. "ఇట్లు"కు ముందు ఒక్క వాక్యం రాసుకోవచ్చని చెప్పాను. కాసేపు పెన్ను కొరుకుతూ కూర్చుని ఇలా చేర్చింది: "నాలుగేళ్లు నాకు చదువు చెప్పిన టీచర్లందరికీ, రోజూ నా కోసం గేటు దగ్గర ఆగిన బస్సు ఆయాగారికీ కృతజ్ఞతలు." దాన్ని నేను దిద్దలేదు.