సున్నా సంవత్సరం ఎందుకు లేదు? శతాబ్దం ఎప్పుడు మొదలవుతుంది?

"పాపకు ఎన్నేళ్లు?" అని అడిగితే ఒకే ఇంట్లో రెండు జవాబులు వస్తాయి. తల్లి "నాలుగు నిండాయి" అంటుంది. నాయనమ్మ "ఐదో ఏడు నడుస్తోంది" అంటుంది. ఇద్దరూ చెప్పింది నిజమే. తల్లి నిండిన ఏళ్లు లెక్కపెట్టింది, నాయనమ్మ నడుస్తున్న ఏడాది పేరు చెప్పింది. పుట్టి మూడు నెలలైన పిల్లకు నిండినవి సున్నా ఏళ్లే. కానీ నడుస్తున్నది మొదటి ఏడు. "సున్నాయో ఏడు నడుస్తోంది" అని ఏ నాయనమ్మా అనదు.

క్రీస్తుశకం నాయనమ్మ లెక్క. 2024 అంటే 2024 ఏళ్లు నిండాయని కాదు, శకం మొదలయ్యాక 2024వ ఏడు నడుస్తోందని. సున్నా లేకపోవడానికి అసలు కారణం ఇదే.

యూరప్‌వాళ్లకు అప్పటికి సున్నా తెలియదు కాబట్టే ఆ సంవత్సరం లేదని చాలామంది చెబుతారు. మన బ్రహ్మగుప్తుడు సున్నాతో కూడికలు, తీసివేతలకు సూత్రాలు చెప్పింది 628లో. క్రీస్తుశకం లెక్క పుట్టింది అంతకు సుమారు వందేళ్ల ముందు. కాబట్టి ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ సగమే. ఈ లెక్క మొదలుపెట్టిన మనిషి పట్టికలోనే సున్నా రావలసిన గడి ఒకటి ఉంది.

ఆయన పేరు డయొనీసియస్ ఎక్సిగువస్, రోమ్‌లో ఉన్న క్రైస్తవ సన్యాసి. ఈస్టర్ పండుగ ఏ తేదీన వస్తుందో ముందే చెప్పే పట్టిక 525లో తయారుచేశాడు. అప్పటికి వాడుకలో ఉన్న అలెగ్జాండ్రియా పట్టిక, రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ పేరిట నడిచే ఏళ్లలో ఉండేది. క్రైస్తవులను హింసించిన ఆ చక్రవర్తి పేరు పండుగ లెక్కలో ఉండడం డయొనీసియస్‌కు నచ్చలేదు. పాత పట్టిక డయొక్లీషియన్ 247తో ముగుస్తుంది. తర్వాతి ఏడాదిని 248 అనకుండా, క్రీస్తు అవతరించిన నాటి నుంచి 532వ సంవత్సరం అని రాశాడు. ఆ పట్టికలోనే చంద్రుడి వయసు చూపే నిలువు వరస ఉంది. అందులో ఏమీ మిగలని చోట "నుల్లా" అని ఉంటుంది, అంటే ఏదీ లేదు అని. ఆ భావం తెలియక కాదు, సంవత్సరాల వరసలో దానికి పని లేక వాడలేదు. రాజు పట్టాభిషేకం జరిగిన ఏడు ఆయన పాలనలో మొదటి ఏడు అయినట్టే, క్రీస్తు ఏలుబడిలో కూడా మొదటిది ఒకటే. ఆయన కట్టిన ఏడాది అసలు జననానికి కొన్నేళ్లు అటూ ఇటూ అయిందని తర్వాత చరిత్రకారులు తేల్చారు. అది వేరే సంగతి, లెక్క మాత్రం అలాగే స్థిరపడింది.

డయొనీసియస్ వెనక్కి లెక్కించలేదు. ఆ అవసరం చరిత్రకారులకు వచ్చింది. ఇంగ్లాండ్ సన్యాసి బీడ్ 731లో ముగించిన చరిత్రలో, జూలియస్ సీజర్ బ్రిటన్‌పై దండెత్తిన సంవత్సరాన్ని "అవతారానికి ముందు అరవయ్యో ఏడు" అన్నాడు. ముందుకు వెళ్తే ఒకటో ఏడు, వెనక్కి వెళ్తే ముందటి ఒకటో ఏడు. రెండు వరసలూ ఒకటితోనే మొదలయ్యేసరికి క్రీ.పూ. 1 డిసెంబర్ 31 మర్నాడు నేరుగా క్రీ.శ. 1 జనవరి 1 అయింది. మధ్యలో ఖాళీ లేదు.

ఇబ్బంది వచ్చేది ఆ గీత దాటి ఏళ్లు లెక్కపెట్టినప్పుడే. రోమన్ చక్రవర్తి అగస్టస్ క్రీ.పూ. 63 సెప్టెంబర్ 23న పుట్టి, క్రీ.శ. 14 ఆగస్టు 19న చనిపోయాడు. 63, 14 కలిపితే 77. కానీ మధ్యలో సున్నా లేదు కనుక ఒకటి తీసేయాలి, 76. ఆ ఏటి పుట్టినరోజుకు ఇంకా నెలకు పైగా ఉంది కాబట్టి నిండినవి 75. చేతివేళ్ల మీద సరిచూడొచ్చు: క్రీ.పూ. 1 సెప్టెంబర్‌కు 62 నిండాయి, మరుసటి సెప్టెంబర్ క్రీ.శ. 1లో వస్తుంది, అప్పటికి 63.

ఈ ఒకటి తీసేయడం చదువుకున్నవాళ్లే మరిచిపోయారు. కవి వర్జిల్ పుట్టింది క్రీ.పూ. 70 అక్టోబర్‌లో. 1930లో లోకమంతా ఆయన రెండువేల ఏళ్ల పండుగ చేసుకుంది. నిజానికి అప్పటికి 1999 ఏళ్లే నిండాయి. పండుగ 1931లో రావాల్సింది.

ఖగోళవేత్తలకు ఈ తీసివేత విసుగనిపించింది. ఫ్రాన్స్‌కు చెందిన జాక్ కసీని 1740 నాటి తన పట్టికల్లో క్రీ.పూ. 1ని సున్నా అన్నాడు. దానికి ముందటివి మైనస్ ఒకటి, మైనస్ రెండు. అప్పటి నుంచి వాళ్ల పట్టికల్లో క్రీ.పూ. సంఖ్య ఒకటి తగ్గి, ముందు మైనస్ చేరుతుంది. క్రీ.పూ. 585 మే 28న పట్టిందని చెప్పే ప్రసిద్ధ సూర్యగ్రహణాన్ని నాసా గ్రహణాల జాబితాలో వెతికితే -0584 అని కనిపిస్తుంది. పొరపాటు కాదు, ఆ జాబితాలో సున్నా ఉంది.

మన సిద్ధాంతులది ముందు నుంచీ తల్లి లెక్క. వాళ్లు చూసేది గతాబ్దాలు, అంటే గడిచిన ఏళ్లు. కలియుగం మొదలైంది క్రీ.పూ. 3102 ఫిబ్రవరిలో. యుగం ఆరంభమైన ఏడాదికి గడిచినవి సున్నా. 2024 ఉగాదికి గడిచిన కల్యబ్దాలు కావాలంటే 3102కి 2024 కలిపి ఒకటి తీసేయాలి: 5125. ఖగోళవేత్తల పద్ధతిలో అయితే ఆరంభం మైనస్ 3101, నేరుగా కూడితే అదే 5125 వస్తుంది. తీసివేత ఊసే లేదు. ఏదైనా పంచాంగంలో ఇంతకంటే ఒకటి ఎక్కువ కనిపిస్తే, అక్కడ నడుస్తున్న ఏడును చెప్పారన్నమాట.

ఇక శతాబ్దం. ఒకటో ఏటితో మొదలుపెట్టి వంద ఏళ్లు నింపాలంటే 100వ ఏడు చివరిదాకా పోవాలి. రెండో శతాబ్దం 101 జనవరి 1న మొదలు. ఇరవయ్యో శతాబ్దం 1901 నుంచి 2000 దాకా, ఇరవై ఒకటోది, దాంతోపాటే మూడో సహస్రాబ్ది, 2001 జనవరి 1న. నూరు రూపాయల నోట్లు కట్ట కట్టేటప్పుడు వందో నోటు మొదటి కట్టలోనే ఉంటుంది కదా, అంతే.

ఈ లెక్కను ఒక చక్రవర్తి ఒప్పుకోలేదు. జర్మనీని ఏలిన రెండో విల్హెల్మ్ కొత్త శతాబ్దం 1900 జనవరి 1నే మొదలవుతుందని ప్రకటించాడు. ఏడాది తర్వాత, 1901 జనవరి 1న, ఆస్ట్రేలియా కాలనీలన్నీ ఒక్క దేశంగా ఏర్పడ్డాయి. కొత్త శతాబ్దం మొదటి రోజున పుట్టిన దేశం అని వాళ్లు చెప్పుకోవచ్చు, అదీ సరైన లెక్క ప్రకారం.

మొన్న 2000లో మనమూ విల్హెల్మ్ పక్షానే నిలబడ్డాం. దాన్ని తప్పుపట్టాలని నాకు లేదు. 1999 పోయి 2000 రావడం అంటే స్కూటర్ మీటర్‌లో తొమ్మిదులన్నీ ఒకేసారి తిరిగి సున్నాలైనట్టు, అది చూడముచ్చటే. "తొంభైల దశకం" అన్నప్పుడు 1990 నుంచి 1999 అనుకోవడం కూడా ఇలాంటిదే, అక్కడ అంకెను బట్టి గుంపు కడతాం. ఆ పేరుకు మొదటి ఏటి నుంచి లెక్కించే వరసతో సంబంధం లేదు. అయితే "ఇరవై ఒకటో శతాబ్దం" అని క్రమసంఖ్య వాడాక లెక్క ఒకటో ఏటి నుంచే నడవాలి. కొందరు మొదటి శతాబ్దానికి 99 ఏళ్లే అనుకుంటే సరిపోతుందంటారు. కుదురుతుంది, కానీ 99 ఏళ్లను శతం అనడం తెలుగులో కష్టం.

ఇరవై రెండో శతాబ్దం 2101 జనవరి 1న మొదలవుతుంది. బాణసంచా మాత్రం ఏడాది ముందే కాలుస్తారు.