అమ్మ పోయిన పొద్దున హెచ్‌ఆర్‌కు రాయాల్సిన ఉత్తరం

జగిత్యాల పక్క ఊళ్లో బుధవారం తెల్లవారుజామున తల్లి కన్నుమూసింది. కొడుకు దుబాయ్‌లో తాపీ మేస్త్రీ, జీతం 1800 దిర్హామ్‌లు. చేతిలో టికెట్‌కు సరిపడా డబ్బు లేదు. ఊళ్లో బంధువులు ఫ్రీజర్ బాక్సు తెప్పించి, "రేపు పొద్దటిదాకా ఆపుతం, వస్తవా?" అని అడుగుతున్నారు. ఇది ఊహించిన ఉదాహరణే కానీ, ఉత్తర తెలంగాణలో గల్ఫ్ దారి తెలిసిన ఏ ఊరికీ కొత్త కాదు.

దుబాయ్ నుంచి శంషాబాద్‌కు విమానంలో నాలుగు గంటల లోపే. అక్కడి నుంచి జగిత్యాలకు కారులో మరో నాలుగైదు గంటలు. అంటే సాయంత్రం విమానం దొరికితే మర్నాడు పొద్దుటికి కొడుకు ఇంటికి చేరగలడు. దొరుకుతుందా లేదా అన్నది, ఆఫీసు తెరవగానే హెచ్‌ఆర్ బల్ల మీద ఏ కాగితం ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది.

చాలామంది రాసే ఉత్తరంలో దుఃఖమే ఉంటుంది, తేదీలుండవు. సంతకం పెట్టాల్సిన మనిషికి జాలి కలిగినా, ఎన్ని రోజులు, ఏ ఖాతాలో, డబ్బు తిరిగి ఎలా వస్తుంది అన్నవి తేలకపోతే ఫైలు కదలదు.

ముందు సెలవు సంగతి. యూఏఈలో 2021లో వచ్చిన కార్మిక చట్టం ప్రకారం భార్యగానీ భర్తగానీ చనిపోతే 5 రోజులు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతామామ్మలు, మనవలు చనిపోతే 3 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. లెక్క మరణించిన రోజు నుంచే మొదలవుతుంది. మేస్త్రీ ఇల్లు చేరేసరికే అందులో ఒక రోజు గడిచిపోతుంది, పెద్దకర్మ దాకా ఉండాలంటే మిగిలినవీ చాలవు. అందుకే అదే ఉత్తరంలో వార్షిక సెలవు కూడా అడగాలి. ఏడాది పూర్తయినవారికి అది 30 రోజులు. పెంచి పెద్దచేసిన బాబాయి పోయినా, అత్తమామలు పోయినా మూడు రోజుల సెలవు వర్తించదు, ఆ జాబితాలో వాళ్లు లేరు. అప్పుడు మొత్తం వార్షిక సెలవులోంచే అడగాలి. బాబాయిని తండ్రి అని రాస్తే తర్వాత పత్రాలు చూపాల్సిన రోజున చిక్కు.

ఇక డబ్బు. అడ్వాన్సు ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు, అది కంపెనీ ఇష్టం. ఇస్తే మాత్రం వడ్డీ వేయకూడదు, కార్మికుడి రాతపూర్వక సమ్మతితోనే జీతంలోంచి కోయాలి. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. అసలు అడ్వాన్సుకు ముందు కాంట్రాక్టు చూసుకోవాలి. రెండేళ్లకోసారి టికెట్ ఇస్తామని అందులో ఉంటే, దాన్నే ముందుకు జరపమని అడగవచ్చు, అప్పు పడనక్కర్లేదు. అది లేకపోతే నగదుకన్నా, కంపెనీయే రానూపోనూ టికెట్ కొనాలని అడగడం మేలు. తిరుగు తేదీ కనబడితే మనిషి తిరిగొస్తాడన్న నమ్మకం వాళ్లకు కలుగుతుంది.

మన మేస్త్రీ ఉత్తరం ఇలా ఉండొచ్చు:

"అయ్యా, మా అమ్మ ఈ రోజు, 12వ తేదీ తెల్లవారుజామున మా ఊళ్లో చనిపోయారు. అంత్యక్రియలు రేపు ఉదయం. 12 నుంచి 14 వరకు మరణ సెలవు, 15 నుంచి 23 వరకు వార్షిక సెలవు మంజూరు చేయండి. 24న డ్యూటీలో చేరతాను. ఈ సాయంత్రం హైదరాబాద్‌కు, 23న తిరుగు ప్రయాణానికి టికెట్ కంపెనీ తరఫున కొనండి. 1200 దిర్హామ్‌ల వరకు అడ్వాన్సుగా రాసుకుని, వచ్చే నెల నుంచి నెలకు 200 చొప్పున ఆరు నెలలు జీతంలో కోసుకోవడానికి సమ్మతిస్తున్నాను. నా పాస్‌పోర్టు ఈ మధ్యాహ్నానికి ఇప్పించండి. మరణ ధ్రువపత్రం తిరిగొచ్చాక ఇస్తాను."

పాస్‌పోర్టు వాక్యం చిన్నదేగానీ వదలకూడనిది. కార్మికుల పత్రాలను యజమాని పెట్టుకోవడం చట్టవిరుద్ధం. అయినా కొన్నిచోట్ల అవి ఆఫీసు బీరువాలోనే ఉంటాయి, తాళం ఉన్న మనిషి దొరక్క విమానం తప్పిపోతుంది. శని, ఆదివారాల్లో ఆఫీసు మూస్తారు కాబట్టి, కబురు శుక్రవారం రాత్రి వస్తే కాగితం ఫొటో తీసి హెచ్‌ఆర్‌కు, క్యాంప్ బాస్‌కు, సైటు ఇంజినీరుకు ముగ్గురికీ పంపాలి. సౌదీలో అయితే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా లేనిదే విమానం ఎక్కలేరు, ఆ మాట కూడా ఉత్తరంలో చేరాలి.

ఊళ్లో ఉన్న రోజుల్లోనే పంచాయతీ కార్యదర్శి దగ్గర మరణం నమోదు చేయించుకోవాలి. 21 రోజుల లోపైతే ఆలస్య రుసుము ఉండదు. ధ్రువపత్రంలో చనిపోయినవారి పేరు, వారి తల్లిదండ్రులు లేదా భర్త పేరు ఉంటాయి, కొడుకు పేరు ఉండదు. బంధుత్వం చూపడానికి, చివరి పేజీలో తల్లి పేరు అచ్చయిన పాస్‌పోర్టు ఉంటే ఆ పేజీ నకలు జతచేయాలి. రెండింటిలోనూ ఆమె పేరు ఒకేలా ఉందో లేదో పత్రం చేతికి రాగానే అక్కడే చూసుకోవాలి.