బోర్డు పోయింది, కమాను వచ్చింది... కానీ ఆ కమాను ఎక్కడిది?

హైదరాబాద్ పత్తర్‌గట్టిలో రోడ్డుకు రెండువైపులా సాగే రాతి కమానుల వరసను ఫోటో తీస్తే, ఫ్రేములో సగం షాపుల బోర్డులే ఉంటాయి. అందులో ఒక బోర్డును తీసేయాలనుకుందాం. ఫోటో వెడల్పు 6000 పిక్సెళ్లు. కమాను పైభాగాన్ని కప్పేసిన ఫ్లెక్సీ బోర్డు వెడల్పు దాదాపు 2400. ఫోటోషాప్‌లో దాని చుట్టూ లాసోతో గీత గీసి జనరేటివ్ ఫిల్ నొక్కితే కాసేపటికి బోర్డు మాయమవుతుంది, దాని చోట రాతిగోడ వస్తుంది. ఎంచుకోవడానికి మూడు రకాలు కూడా ఇస్తుంది.

ఆ గోడ కెమెరా చూసింది కాదు. బోర్డు వెనక ఏముందన్న సమాచారం ఫోటోలో ఎక్కడా లేదు. 2010లో ఫోటోషాప్‌లోకి వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్ అదే ఫోటోలోని చుట్టుపక్కల ముక్కలను తెచ్చి అతికేది. 2023లో వచ్చిన జనరేటివ్ ఫిల్ పని వేరు. అది లెక్కలేనన్ని బొమ్మల నుంచి నేర్చుకున్న పోలికలతో, ఇలాంటి చోట మామూలుగా ఏముంటుందో ఊహించి కొత్తగా గీస్తుంది. అందుకే మూడు రకాల్లో మూడు వేర్వేరు కమానులు కనిపిస్తాయి. ఒకదానిలో కోసుగా, ఇంకోదానిలో గుండ్రంగా, మూడోదానిలో కమానే లేకుండా చదునుగా.

ఎక్కువ తప్పులు గీత గీసేటప్పుడే జరుగుతాయి. చాలామంది బోర్డు అంచు వెంబడి ఖచ్చితంగా గీస్తారు, దాని నీడను వదిలేస్తారు. ఎండ పక్కనుంచి పడుతుంటే బోర్డు నీడ గోడ మీద ఏటవాలుగా పరుచుకుని ఉంటుంది. ఆ నీడ మిగిలితే చూడ్డానికి వింతగా ఉండడమే కాదు, ప్రోగ్రాం దాన్నే ఆధారంగా తీసుకుంటుంది. నీడ ఉందంటే అక్కడ ఏదో వస్తువు ఉండాలి కాబట్టి తరచూ మరో బోర్డునో, చిన్న పందిరినో గీసి పెడుతుంది. అందుకే నీడను, బోర్డును పట్టి ఉంచిన ఇనుప చట్రాన్ని, కింద ఆగిన కారు అద్దంలో దాని ప్రతిబింబాన్ని కూడా ఎంపికలో కలపాలి. అంచుకు బయట ఇంకొన్ని పిక్సెళ్ల గోడనూ చేర్చాలి, లేకపోతే ఫ్లెక్సీ రంగు సన్నని గీతలా మిగిలిపోతుంది. ఏం కావాలో రాసే గడిని ఖాళీగా వదిలేయడం మంచిది. అక్కడ ‘బోర్డు తీసేయి’ అని రాస్తే, ఆ మాట బట్టే ఇంకో బోర్డు రావచ్చు.

పక్క షాపు బోర్డులోని అక్షరాలకు ఎంపిక తగలకుండా చూసుకోవాలి. తగిలితే వాటినీ తిరిగి గీస్తుంది. దూరం నుంచి చూస్తే తెలుగులాగే ఉంటుంది, తలకట్లూ గుండ్రాలూ అన్నీ కనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే చదవగలిగిన అక్షరం ఒక్కటీ ఉండదు. ఫోటోలో ఏ భాగం కల్పితమో పట్టిచ్చేది ముందుగా ఇదే.

తర్వాత పదును సంగతి. మొదట విడుదలైన రూపంలో ఈ సాధనం ఒకసారికి సుమారు 1024 పిక్సెళ్ల వెడల్పు మేరకే గీసేది. 2400 పిక్సెళ్ల ఖాళీని నింపాలంటే దాన్ని రెండింతలకు పైగా సాగదీయాలి. అందుకే చుట్టూ రాయి గరుకు, సున్నపు అతుకులు స్పష్టంగా ఉంటే, నింపిన చోటు మాత్రం పలచగా, నున్నగా ఉండేది. తర్వాతి రూపాల్లో పదును పెరిగింది కానీ తేడా పూర్తిగా పోలేదు. ఖాళీని వెయ్యి పిక్సెళ్లకు లోపు ముక్కలుగా చేసి, ఒకదానిపై ఒకటి కొంచెం ఎక్కేలా నింపితే పదును వస్తుంది. అయితే ఒక ముక్కలో గీసిన కమాను వంపు పక్క ముక్కలోని వంపుతో కలవాలన్న హామీ లేదు. మామూలు గోడకు ఈ పద్ధతి సరిపోతుంది, కమానుకు సరిపోదు.

కమానుకు పాత పద్ధతే నయమని నా అభిప్రాయం. పత్తర్‌గట్టిలో కమానులు వరసగా ఉన్నాయి. అదే ఫోటోలో పక్కనున్న, బోర్డు అడ్డంలేని కమానును కాపీ చేసి, దూరం పెరిగేకొద్దీ తగ్గే పరిమాణానికి సరిచేసి అతకాలి. అతుకు కనిపించే అంచులకే జనరేటివ్ ఫిల్ వాడాలి. అప్పుడు కనిపించే రాయి కనీసం ఆ వీధిదే అవుతుంది.

పని అయ్యాక ఫోటోను నూరు శాతం సైజులో చూడాలి. బోర్డు వెనకగా పోయిన కరెంటు తీగ ఈ చివర నుంచి ఆ చివరకు తెగకుండా సాగిందా, స్తంభం నిటారుగా దిగిందా, ఒకే మరక రెండుచోట్ల కనిపిస్తోందా అని వెతకాలి. సాయంత్రం వెలుగులో తీసిన ఫోటోకు సన్నని నలకల గరుకు ఉంటుంది, నింపిన భాగానికి ఉండదు. ఆ లేయరుకు అంతే గరుకు విడిగా కలపాలి. నింపిన భాగం వేరే లేయరులో వస్తుంది కాబట్టి అసలు ఫోటో కింద భద్రంగా ఉంటుంది, దాన్ని చెరపకూడదు.

గోడకు వేలాడదీసే ఫోటోకు ఇంత చాలు. ఆ కట్టడాన్ని బాగుచేయడానికో, దాని స్థితిని నమోదు చేయడానికో తీసిన ఫోటోలో మాత్రం ఈ పని అసలు చేయకూడదు. బోర్డు వెనక పగుళ్లు ఉండొచ్చు, చెక్కడం రాలిపోయి ఉండొచ్చు. సాధనం వాటి చోట చక్కని కమాను గీస్తుంది, మేస్త్రీ అదే నిజమనుకుంటాడు. అలాంటప్పుడు షాపు యజమానిని అడిగి ఫ్లెక్సీని ఒక పక్కకు తప్పించి ఫోటో తీయాలి, వీలుకాకపోతే బోర్డుతో సహా ఉన్నదున్నట్టు ఉంచాలి.