చిన్న పనికి టెండర్: అర్హత, స్థల పరిశీలన, దాఖలు

ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ప్రహరీ గోడ కట్టాలి. పొడవు 200 మీటర్లు, అంచనా విలువ 20 లక్షల రూపాయలు, పూర్తి చేయడానికి ఆరు నెలల గడువు. ఇది ఉదాహరణ కోసం వేసుకున్న లెక్కే అయినా, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏటా ఇలాంటి పనులు ఎన్నో టెండరుకు వస్తుంటాయి. ఇంత చిన్న పనికి కూడా ఇంజనీరు తనకు నమ్మకమున్న మేస్త్రీని పిలిచి పని అప్పగించే వీలుండదు. ప్రజల సొమ్ముతో జరిగే పనికి నిర్ణీత పరిమితి దాటితే బహిరంగంగా ధరలు పిలవాల్సిందే. అలా పిలిచే ప్రకటనే టెండర్ నోటీసు. అందులోని నిబంధనలన్నిటి వెనుకా ఉన్న ఉద్దేశం ఒక్కటే: ధర వేసే ప్రతివారికీ ఒకే సమాచారం, ఒకే గడువు, ఒకే కొలబద్ద ఉండాలి.

నోటీసులో పని పేరు, అంచనా విలువ, ధరావతు సొమ్ము, పూర్తి చేయాల్సిన గడువు, ఎవరు అర్హులు, స్థలం ఎప్పుడు చూడవచ్చు, బిడ్ ఎప్పటిలోగా వేయాలి, ఎప్పుడు తెరుస్తారు అన్నవి ఉంటాయి. దానికి అనుబంధంగా టెండర్ షెడ్యూలు ఉంటుంది. పునాది తవ్వకం ఎన్ని ఘనపు మీటర్లు, కాంక్రీటు ఎంత, ఇటుక కట్టుబడి ఎంత, ప్లాస్టరింగ్ ఎంత అన్న పరిమాణాలు, ఒక్కో అంశానికి ప్రభుత్వ ప్రామాణిక ధర, డ్రాయింగులు, షరతులు అన్నీ అందులోనే ఉంటాయి. గుత్తేదారు అసలు చదవాల్సింది షెడ్యూలునే. పత్రికలో వచ్చే నోటీసు దానికి ముఖపత్రం మాత్రమే.

అర్హత నిబంధనల్లో మొదటిది రిజిస్ట్రేషన్. రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లో గుత్తేదారులను తరగతులుగా నమోదు చేస్తారు. ఏ తరగతివారు ఎంత విలువ దాకా పని తీసుకోవచ్చో పరిమితి ఉంటుంది. దానికి పాన్, జీఎస్టీ పత్రాలు తోడవుతాయి. ఆ తర్వాత అనుభవం. కేంద్ర సంస్థల పనులకు అనుభవాన్ని ఎలా కొలవాలో కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002లో ఒక కొలత సూచించింది. గత ఏడేళ్లలో ఇలాంటి పనులు అంచనా విలువలో 40 శాతం చొప్పున మూడు గాని, 50 శాతం చొప్పున రెండు గాని, 80 శాతం విలువగల ఒకటి గాని పూర్తి చేసి ఉండాలి. మూడేళ్ల సగటు టర్నోవరు అంచనాలో కనీసం 30 శాతం ఉండాలి. మన గోడకు ఈ కొలత పెడితే 8 లక్షలవి మూడు, 10 లక్షలవి రెండు, లేదా 16 లక్షలది ఒక్క పని చాలు. టర్నోవరు 6 లక్షలు చాలు.

నోటీసు నిజాయతీగా తయారైందో లేదో పట్టుకోవడానికి ఈ కొలత మంచి ఆధారం. ఉన్నట్టుండి ‘ఇదే జిల్లాలో గత రెండేళ్లలో 200 మీటర్ల పాఠశాల ప్రహరీ కట్టినవారే అర్హులు’ అన్న షరతు కనిపిస్తే, అది ఒకే ఒక్కరిని దృష్టిలో పెట్టుకుని రాసిందని అనుమానించాలి. ప్రహరీ కట్టడానికి ఇటుక పని, చిన్న కాంక్రీటు పని చేసిన అనుభవం సరిపోతుంది. అంతకు మించి అడిగితే పోటీ తగ్గుతుంది, ఆ భారం చివరికి ధరమీద పడుతుంది. అలాగని అర్హత అసలు అడగకపోవడమూ ప్రమాదమే. పునాది తవ్వి సగంలో వదిలేసి పోయే గుత్తేదారు వల్ల బడికి ఏళ్ల తరబడి గోడ ఉండదు.

అనుభవం ఉన్నా చేతిలో పనులు ఎక్కువైతే కొత్త పని నడవదు. దీన్ని తేల్చడానికి బిడ్ సామర్థ్యం అనే లెక్క వాడతారు. దాని సూత్రం `2AN − B`. ఇక్కడ `A` అంటే గత ఐదేళ్లలో ఏదైనా ఒక ఏడాది చేసిన గరిష్ఠ పని విలువ, నేటి ధరలకు మార్చినది. `N` అంటే కొత్త పని గడువు, ఏళ్లలో. `B` అంటే ఆ గడువులోనే పూర్తి చేయాల్సిన పాత పనుల విలువ. ఒక గుత్తేదారు తన మంచి ఏడాదిలో 24 లక్షల పని చేశాడు, చేతిలో ఇంకా 6 లక్షల పని మిగిలి ఉంది అనుకుందాం. ఆరు నెలలంటే అర ఏడాది కాబట్టి రెండుతో 24ను, దాన్ని అరతో గుణిస్తే 24 లక్షలే వస్తుంది. అందులో 6 తీసేస్తే 18. అంచనా 20 కాబట్టి ఈ లెక్క అడిగిన నోటీసులో అతనికి అర్హత లేదు. చేతిలోని పాత పనిలో 2 లక్షలు ముందే ముగించి ఉంటే అర్హుడయ్యేవాడు. అందుకే పాత పనుల జాబితా దాచిపెట్టడం టెండర్లలో తరచూ కనిపించే తప్పుడు పని. బయటపడితే బిడ్ తిరస్కరిస్తారు, ధరావతు జప్తయ్యే షరతూ ఉంటుంది.

ఇక స్థల పరిశీలన. చాలామంది దీన్ని లాంఛనంగా తీసుకుంటారు గానీ ధర నిజంగా తేలేది ఇక్కడే. మన రాష్ట్రాల్లో ఇలాంటి పనులకు శాతం పద్ధతి వాడుక. షెడ్యూలు ధరల మొత్తం మీద ఇంత శాతం ‘ఎక్సెస్’ లేదా ‘లెస్’ అని ఒకే అంకె వేస్తారు. పరిమాణం పెరిగితే, ఉదాహరణకు నల్లరేగడి నేల కావడంతో పునాది ఇంకా లోతుకు పోవాల్సివస్తే, అదనపు తవ్వకాన్ని కొలత పుస్తకంలో రాసి, అనుమతి తీసుకుని, అదే శాతంతో చెల్లించే వీలుంటుంది. కానీ దారి బాగాలేకపోవడం, ఇసుక క్వారీ అనుకున్న దానికంటే దూరం కావడం, తవ్విన గోతిలో ఊట నీరు తోడాల్సి రావడం వంటివి సాధారణంగా గుత్తేదారు చూసుకోవాల్సినవే. ‘స్థలం, దారి, సామగ్రి దొరికే చోట్లు చూసి తృప్తి పడిన తర్వాతే ధర వేశాను’ అని అతను షరతుల కింద సంతకం పెట్టేశాడు కాబట్టి తర్వాత అడగలేడు.

అందుకే బడికి వెళ్లినవాడు నాలుగు విషయాలు చూడాలి. మొదటిది దారి: లారీ గేటు దాకా వస్తుందా, లేక రోడ్డు మీద దింపి ట్రాక్టరు ట్రాలీలో మోయాలా? రెండోది సరిహద్దు: హద్దురాళ్లు ఉన్నాయా, గోడ వచ్చే వరుసలో ఎవరి పశువుల పాకైనా ఉందా, పైన కరెంటు తీగలున్నాయా? హద్దు వివాదం ఉంటే కూలీలు వచ్చి వారాల తరబడి ఖాళీగా కూర్చుంటారు. మూడోది నేల: గునపంతో చిన్న గొయ్యి తీసి చూస్తే రేగడా, ఎర్రమట్టా, మొరమా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది. వేసవిలో నెర్రెలు విచ్చిన నేల వానకు ఉబ్బుతుంది కాబట్టి డ్రాయింగులో చూపిన పునాది సరిపోతుందా అని అడగాలి. నాలుగోది నీరు, పని వేళలు: బోరు ఉందా, తరగతులు జరుగుతుండగా మిక్సరు తిప్పనిస్తారా?

స్థల పరిశీలన తేదీ నోటీసులో ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే. ఉదాహరణకు జూన్ 2న నోటీసు వెలువడి జూన్ 24న గడువు ముగిస్తే, పరిశీలన 10వ తేదీ ఉదయం 11 గంటలకు ఉండడం సబబు. 13 దాకా లిఖితపూర్వకంగా ప్రశ్నలు అడగవచ్చు, 17 నాటికి జవాబులు, అవసరమైతే సవరణ నోటీసు వస్తాయి. ఆపై వారం రోజులు ధర వేసుకోవడానికి మిగులుతుంది. కేంద్ర ఆర్థిక నిబంధనలు 2017 ప్రకారం బిడ్లకు సాధారణంగా కనీసం మూడు వారాలు ఇవ్వాలి. రాష్ట్రాల్లో చిన్న పనులకు గడువు తగ్గించే పద్ధతీ ఉంది. పరిశీలన గడువుకు ముందురోజున పెడితే దానికి అర్థమే లేదు.

స్థలం దగ్గర ఇంజనీరు ఒకరికి నోటిమాటగా చెప్పిన జవాబుకు విలువ లేదు. అది రాతలో, టెండర్ పత్రం తీసుకున్న అందరికీ చేరాలి. పరిశీలనకు వచ్చినవారి దగ్గర సంతకాలు తీసుకుని, ఆ ధ్రువపత్రం ఉంటేనే బిడ్ చెల్లుతుందనే షరతు చిన్న పనులకు మంచిది కాదు. ఎవరెవరు పోటీలో ఉన్నారో ముందే బయటపడితే వారంతా కూడబలుక్కుని ధర పెంచుకునే అవకాశం వస్తుంది. చూసుకోవడం బిడ్ వేసేవారి బాధ్యత అని రాసి, ఒక తేదీన ఇంజనీరును అక్కడ అందుబాటులో ఉంచితే చాలు.

దాఖలు ఇప్పుడు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. గుత్తేదారుకు డిజిటల్ సంతకం ఉండాలి, పోర్టల్లో నమోదై ఉండాలి. బిడ్ రెండు భాగాలు. సాంకేతిక భాగంలో రిజిస్ట్రేషన్, అనుభవ ధ్రువపత్రాలు, ధరావతు రసీదు ఉంటాయి. ధర భాగంలో శాతం ఒక్కటే. ధర పొరపాటున సాంకేతిక భాగంలో కనిపిస్తే ఆ బిడ్ చెల్లకుండా పోవచ్చు. గడువు తీరాక పోర్టలు ఏ బిడ్‌నూ తీసుకోదు, అక్కడ చెల్లేది సర్వరు గడియారమే. ఆఖరి గంటలో స్కాన్ చేసిన పెద్ద ఫైళ్లు ఎక్కించబోయి గడువు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఒకరోజు ముందే ఎక్కించి, రసీదు దాచుకోవాలి.

ధర భాగం తెరిచిన రోజుకు వద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో వచ్చిన 94వ జీవో పద్ధతిలో ధరావతు రెండు విడతలు: బిడ్‌తో 1 శాతం, అంటే 20 వేలు, పని దక్కినవారు ఒప్పందం వేళ మరో 1.5 శాతం, అంటే 30 వేలు. ముగ్గురు బిడ్ వేశారు. ఒకరు 4 శాతం ఎక్సెస్, 20.80 లక్షలు. రెండోవారు 12 శాతం లెస్, 17.60 లక్షలు. మూడోవారు 28 శాతం లెస్, 14.40 లక్షలు. తక్కువ ధర మూడోవారిదే, పని దక్కేదీ వారికే. అయితే 25 శాతానికి మించి తగ్గించినందుకు అంచనాలో 75 శాతమైన 15 లక్షలకూ తమ ధరకూ ఉన్న తేడా 60 వేలు అదనపు హామీగా డీడీ గాని బ్యాంకు గ్యారంటీ గాని ఇవ్వాలి. పని వదిలేసి పోయేవాడికి ఇది నష్టం, చేయగలిగినవాడికి తిరిగొచ్చే సొమ్ము. ఈ శాతాలు తర్వాతి ఉత్తర్వులతో, శాఖను బట్టి మారవచ్చు కాబట్టి ఏ పనికైనా ఆ పని నోటీసులో ఉన్న అంకెలే ప్రమాణం.

తక్కువ ధర వేసినవారితో ఒప్పందం కుదిరాక మిగతా ఇద్దరి ధరావతు తిరిగి ఇచ్చేస్తారు. ఆరు నెలల గడువు ఏ రోజు నుంచి లెక్కపడుతుందో ఒప్పందంలో రాసి ఉంటుంది. అది ఇంజనీరు స్థలం రాతపూర్వకంగా అప్పగించిన రోజు నుంచైతే, సంతకం పెట్టేముందే హద్దులు తేల్చి ఇమ్మని గుత్తేదారు అడగాలి.