“నిబంధనల ప్రకారం” అంటే ఏమిటో రాయండి

కిందటి వేసవిలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్ గారు నా దగ్గరికి ఒక కాగితం పట్టుకొచ్చారు. పేపర్లో వేసిన ప్రకటన అది. వచ్చినవి తొమ్మిదే దరఖాస్తులు. అందులో ఆరుగురు కళాశాలకు ముందే తెలిసినవాళ్లు. “ఎందుకండీ ఇలా?” అని ఆయన అడిగారు. ప్రకటన ఇలా ఉంది:

“కామర్స్ అధ్యాపకుడు కావలెను. అర్హత: యూజీసీ నిబంధనల ప్రకారం. 35 ఏళ్లలోపు, చురుకైన, ఇంగ్లిష్‌లో అనర్గళంగా మాట్లాడగలవాడికి ప్రాధాన్యం. ఆకర్షణీయమైన జీతం. ఒరిజినల్ సర్టిఫికెట్లతో ఆదివారం వాక్-ఇన్ ఇంటర్వ్యూకు హాజరు కాగలరు. ఇతర వివరాలకు కరస్పాండెంట్‌ను సంప్రదించండి.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ తెలుసుకోవలసినదంతా చివరి వాక్యంలోకి వెళ్లిపోయింది. కరస్పాండెంట్‌కు ఫోన్ చేసి మాట్లాడగల చనువు ఎవరికి ఉంటుంది? లోపల తెలిసినవాళ్లు ఉన్నవాళ్లకే. ఆరుగురు తెలిసినవాళ్లే ఎందుకు వచ్చారో అక్కడే అర్థమైంది.

అర్హతతో మొదలుపెట్టాం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు సంబంధిత సబ్జెక్టులో పీజీ, అందులో కనీసం 55 శాతం మార్కులు, దానికి తోడు నెట్ గానీ సెట్ గానీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్-క్రీమీ లేయర్ ఓబీసీ అభ్యర్థులకు, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. అంటే వాళ్లకు 50 శాతం చాలు. ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల ఎంత నష్టమో నాకు తెలుసు. మా పాత విద్యార్థిని ఒకామె ఎం.కాంలో 52 శాతంతో పాసై, సెట్ కూడా సాధించింది. సడలింపు తనకు వర్తిస్తుంది. అయినా ఎవరో “55 ఉండాలమ్మా” అన్నారని రెండేళ్లు ఎక్కడా దరఖాస్తు పెట్టలేదు.

పీహెచ్‌డీ సంగతి కూడా స్పష్టంగా చెప్పాలి. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి చేస్తారని చాలాకాలం అనుకున్నాం. 2023 జులై 1 నుంచి నెట్, సెట్, స్లెట్‌లే కనీస అర్హత అని యూజీసీ చెప్పింది. అయినా పీహెచ్‌డీ లేదని వెనక్కి తగ్గేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సెట్ విషయంలో మన రెండు రాష్ట్రాలకు ఇంకో మెలిక ఉంది. నెట్ దేశమంతటా చెల్లుతుంది, సెట్ మాత్రం ఏ రాష్ట్రానిదైతే ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది. తెలంగాణ సెట్ ఉన్న ఖమ్మం అభ్యర్థి విజయవాడ కళాశాలకు దాంతో దరఖాస్తు పెట్టుకోలేరు. ఇది ప్రకటనలో ఉంటే పాపం ఆ బస్సు చార్జీలన్నా మిగులుతాయి.

ఇక 35 ఏళ్ల వయసు. అది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే “అందరూ వేస్తారు కదండీ” అన్నారు. నెట్‌లో జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి ఉంది కానీ, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు గరిష్ఠ వయసంటూ లేదు. పిల్లలు బడికి వెళ్లే వయసొచ్చాక మళ్లీ ఉద్యోగం చూసుకునే ఆడవాళ్లను ఆ అంకె గడప దగ్గరే ఆపేస్తుంది. ఆ వాక్యం కొట్టేశాం.

భాష దగ్గర తెలుగు మనకు మంచి సాయం చేస్తుంది. “అధ్యాపకుడు”, “మాట్లాడగలవాడు” అన్న చోట “అధ్యాపకులు”, “మాట్లాడగలవారు” అంటే చాలు, మర్యాదా ఉంటుంది, ఆడా మగా తేడా కూడా పోతుంది. “చురుకైన” అన్న మాటకు కొలత లేదు, తీసేశాం. “అనర్గళంగా ఇంగ్లిష్” గురించి కాసేపు వాదన జరిగింది. అక్కడ బి.కాం. ఇంగ్లిష్ మీడియమే, కానీ పిల్లలు ఎక్కువమంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. కావలసింది అనర్గళత్వం కాదు. అందుకే “ఇంగ్లిష్‌లో పాఠం చెప్పి, అవసరమైన చోట తెలుగులో వివరించగలగాలి” అని రాశాం.

అసలు చిక్కు విధుల దగ్గర వచ్చింది. “బోధన, ఇతర పనులు” అని రాస్తే సరిపోతుందన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ ఇతర పనులేమిటో చెప్పమన్నాను. కాసేపు ఆగి, ఏప్రిల్, మే నెలల్లో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం, హాస్టల్లో వారానికి రెండు రాత్రులు స్టడీ అవర్స్ చూడడం అన్నారు. ఇలాంటివి ప్రకటనలో ఉండవు, చేరాక తెలుస్తాయి. చంటిపిల్లల తల్లి, చూపు తక్కువైన అధ్యాపకుడు, ముసలి తల్లిదండ్రులను చూసుకునేవాళ్లు రెండో నెలలోనే మానేయడానికి కారణం ఎక్కువగా ఇదే. యూజీసీ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన. ఆ అంకె రాశాం. అడ్మిషన్ల తిరుగుడు ఎన్ని రోజులో, దానికి ప్రయాణ ఖర్చు ఎవరిదో రాశాం. రాత్రి స్టడీ అవర్స్‌ను ఇష్టమున్నవాళ్లకే, అదనపు భత్యంతో అని యాజమాన్యం చేత ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. నిజానికి ప్రకటన తిరగరాయడంలో సగం పని కాగితం మీద కాదు, ఇలాంటి నిర్ణయాల దగ్గరే జరుగుతుంది. నిర్ణయం లేని చోట ఎంత మంచి వాక్యమైనా తప్పించుకునే వాక్యమే అవుతుంది. జీతం కూడా అంతే. “ఆకర్షణీయమైన” పోయి, కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అన్న రెండు అంకెలు వచ్చాయి.

చివరికి దరఖాస్తు భాగం ఇలా తయారైంది:

“దరఖాస్తు ఫారం కళాశాల కార్యాలయంలోనూ వెబ్‌సైట్‌లోనూ దొరుకుతుంది. నింపిన ఫారానికి పీజీ మార్కుల జాబితా, నెట్ లేదా సెట్ సర్టిఫికెట్, సడలింపు కోరేవారు కుల లేదా వైకల్య ధ్రువపత్రం జెరాక్సులు జతచేసి, జూన్ 20 సాయంత్రం 5 గంటల లోపు ఇవ్వండి. ఈమెయిల్‌లో పంపినా చాలు. అర్హతను జూన్ 20 నాటికి లెక్కిస్తాం. ఎంపికైన వారికి 27వ తేదీలోగా ఫోన్ చేస్తాం. ఇంటర్వ్యూలో 20 నిమిషాల డెమో పాఠం ఉంటుంది. అంశం మూడు రోజుల ముందు చెబుతాం. ఒరిజినల్స్ ఆ రోజు చూసి తిరిగి ఇచ్చేస్తాం. ఇంటర్వ్యూకు మీకు ఏదైనా ఏర్పాటు కావాలంటే ఫారంలో రాయండి.”

చివరి వాక్యం అందరికీ కలిపి అడిగింది. వైకల్యం ఉన్నవాళ్లకే వేరే గడి పెడితే, అది నింపితే తీసుకోరేమోనని వదిలేస్తారు. ఫారం ముందు స్కాన్ చేసిన బొమ్మగా ఉండేది. స్క్రీన్ రీడర్ వాడేవారికి అది ఖాళీ పేజీ. అక్షరాలను మౌస్‌తో సెలెక్ట్ చేయడానికి ప్రయత్నిస్తే తెలిసిపోతుంది. సెలెక్ట్ కాకపోతే మళ్లీ టైప్ చేయించాలి. ఇంటర్వ్యూ గది రెండో అంతస్తులో, లిఫ్ట్ లేకుండా ఉండేది. దాన్ని కింది గదికి మార్చారు.

పేపర్లో చోటు ఖరీదు. అందుకే పోస్టు, కనీస అర్హత, సడలింపు, జీతం, గడువు అక్కడ వేసి, మిగతాదంతా నోటీసు బోర్డులోనూ వెబ్‌సైట్‌లోనూ పెట్టారు. ఈ పని వల్ల ఇంటర్వ్యూ బోర్డు న్యాయంగా ఉంటుందన్న హామీ లేదు. మార్కులు వేసే పద్ధతి ముందే రాసి పెట్టుకోకపోతే, ఎంత చక్కటి ప్రకటన వేసినా లోపల పాత అలవాటే నడుస్తుంది.

ఈ ఏడాది నోటిఫికేషన్ వేయబోతున్న ప్రిన్సిపాల్, కరస్పాండెంట్‌లకు ఒక్క మనవి. ప్రెస్‌కు పంపేముందు, మీ కళాశాలలో ఎప్పుడూ అడుగుపెట్టని ఒక పీజీ చదివిన పిల్లకు ఆ కాగితం ఇవ్వండి. “నువ్వు దీనికి అర్హురాలివా, ఏం పని చేయాలి, రేపు పొద్దున్నే ఏం తీసుకుని ఎక్కడికి వెళ్లాలి?” అని అడగండి. ఆమె ఎక్కడ ఆగితే ఆ వాక్యాన్ని మార్చండి.